సూరిబాబు ఏం వదులుకున్నాడు?

వారపత్రికలో ముప్పై వారాల సీరియల్‌గా రావలసిన నవల అది. కథానాయకుడు సూరిబాబు తెనాలి బజారులో రోజువారీ ఫైనాన్స్ వసూళ్లు చేసే మనిషి. పదివేలు అప్పంటే పదిహేను వందలు ముందే పట్టుకుని ఎనిమిదిన్నర వేలు చేతిలో పెట్టడం, ఆ తర్వాత రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేయడం అతని పని. ఇడ్లీ బండి మంగమ్మ ఇరవై వేలు అప్పు తీసుకుంటూ ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం చేసిచ్చింది. ఓనరు చెప్పగా దాని మీద రెండు లక్షలని రాసింది సూరిబాబు. ఓనరు ఆ నోటుతో దావా వేసి, తీర్పుకు ముందే ఆమె రెండు గదుల ఇంటిని జప్తులో పెట్టించాడు. ఇరవై ఎనిమిదో వారంలో సూరిబాబు మంచివాడవుతాడు. సీరియల్ చూసే సంపాదకురాలికీ, ఆమెను అక్కా అని పిలిచే రచయితకూ ఆ వారం దగ్గరే పేచీ వచ్చింది.

సంపాదకురాలు: ఇరవై ఏడు వారాలు ఆగకుండా చదివాను తమ్ముడూ. ఇరవై ఎనిమిదో వారంలో నమ్మకం పోయింది. మంగమ్మ కూతురు ఆస్పత్రి మంచం మీద ఉంది, వీడు గుమ్మంలో నిలబడి చూశాడు, కళ్లు చెమర్చాయి, ఆఫీసుకెళ్లి బీరువాలోని నోట్లన్నీ తగలబెట్టాడు. ఆ పిల్లకు జ్వరం రాకపోతే వీడు మారడు. అంటే వాడంతట వాడు మారలేదు, నువ్వు మార్చావు.

రచయిత: మనుషులు అలాగే మారతారక్కా. ఏళ్ల తరబడి తాగినవాడు ఒక్క ఉదయం మానేస్తాడు. అంగుళిమాలుణ్ణి చూడండి. కత్తి పట్టుకుని బుద్ధుడి వెంట పరుగెత్తినవాడు ఆ పరుగులోనే మారి భిక్షువయ్యాడు. మన తెనాలి రామకృష్ణుడి పాండురంగ మాహాత్మ్యంలో నిగమశర్మ బతుకంతా భ్రష్టుడే, అయినా చివరికి విష్ణుదూతలు వచ్చి తీసుకెళ్లారు. మనవాళ్లకు ఈ హఠాత్తు కొత్త కాదు.

సంపాదకురాలు: ఆ రెండు కథల్లోనూ అసలు బలమున్న చోటు వేరు. నిగమశర్మకు సద్గతి వచ్చింది వాడు మారినందుకు కాదు, నరసింహస్వామి సన్నిధిలో ప్రాణం పోయినందుకు. అది క్షేత్ర మాహాత్మ్యం. మనిషి స్వభావం గురించి కవి చెప్పింది అంతకు ముందే ఉంది. అక్క పుట్టింటికి వచ్చి బుద్ధి చెబుతుంది. వాడు విన్నట్టే ఉంటాడు. కొన్నాళ్లు ఇంటిపట్టునే బుద్ధిగా మసలుకుంటాడు. ఇంటిల్లిపాదీ నమ్మాక ఒక రాత్రి ఉన్నదంతా మూట గట్టుకుని, అక్క ముక్కరతో సహా పట్టుకుపోతాడు. పాఠకులకు ఇప్పటికీ గుర్తున్నది ఆ దొంగతనమూ, ఆ అక్క ఏడుపూ. మంచి మాట విని మారిపోవడం ఎంత నమ్మరానిదో ఆయన అప్పుడే చూపించాడు.

రచయిత: మరి అంగుళిమాలుడు?

సంపాదకురాలు: అతని మార్పు హఠాత్తుదే. కానీ పాళీ సూత్రం అక్కడితో ఆగదు. భిక్షువయ్యాక భిక్షకు వెళితే మట్టిగడ్డలు, కర్రలు, పెంకులు వచ్చి తగులుతాయి. తల పగిలి, పాత్ర విరిగి, నెత్తురోడుతూ తిరిగొస్తే బుద్ధుడు ఓర్చుకోమంటాడు. చేసిన పనుల ఫలితం ఇక్కడే అనుభవిస్తున్నావంటాడు. మారిన క్షణం కథలో చిన్నది. దాని ఖరీదు ఆ తర్వాత వచ్చింది. నీ సూరిబాబుకు ఏ ఖరీదూ పడలేదు. బీరువా తాళాలు వాడి దగ్గరే ఉన్నాయి, అగ్గిపెట్టె జేబులో ఉంది. పైగా మంగమ్మ నోటు ఆ బీరువాలో ఉండదు. దావా వేసేటప్పుడే కోర్టులో దాఖలు చేశారుగా! వాడు అన్నీ తగలబెట్టినా ఆమె ఇల్లు జప్తులోనే ఉంటుంది.

రచయిత: ఆ నోటు సంగతి సరిచేస్తాను. కానీ మార్పుకు చాలా కాలం పట్టాలన్న మీ పట్టుదల నాకు సరిపడదు. 2010లో వచ్చిన క్రిష్ 'వేదం' చూశారు కదా. కేబుల్ రాజు కొద్ది గంటల్లోనే మారతాడు. డబ్బున్న అమ్మాయిని ప్రేమించాడు, ఆమెతో న్యూ ఇయర్ పార్టీకి వెళ్లడానికి డబ్బు కావాలి, ఎలాగైనా సంపాదించాలి. చివరికి ఆస్పత్రిలో కిడ్నీ అమ్ముకున్న పేద కుటుంబం డబ్బు కొట్టేస్తాడు, మళ్లీ తిరిగిచ్చేస్తాడు. థియేటర్లో ఎవరూ అది నమ్మలేదనలేదు.

సంపాదకురాలు: మంచి ఉదాహరణ తెచ్చావు. ఎందుకు నమ్మామో చూద్దాం. వాడికి ఏం కావాలో మనకు మొదటి నుంచీ తెలుసు. ఆ పార్టీ, ఆ అమ్మాయి, ఆ పై మెట్టు జీవితం. దాని కోసమే దొంగతనం. డబ్బు తిరిగివ్వడమంటే సరిగ్గా ఆ కోరికనే చేతులారా వదులుకోవడం. రెండోది, దొంగతనం అయ్యాక మారాడు, అవబోతుండగా కాదు. డబ్బు చేతికొచ్చింది, ఎవరూ పట్టుకోలేదు, తప్పించుకుపోవచ్చు. ఆ స్థితిలో వెనక్కి తిరిగాడు. కాబట్టి కాలం సంగతి నేను ఒప్పుకుంటాను. గంటలైనా చాలు, వారాలైనా చాలకపోవచ్చు. ఏ కోరిక కోసం చెడ్డ పని చేశాడో ఆ కోరికనే, అది అందే దూరంలో ఉండగా, తన ఇష్టంతో వదులుకోవాలి. నేను అడిగేది అదొక్కటే. సూరిబాబుకు ఏం కావాలి?

రచయిత: వాటా కావాలి. వసూళ్ల కుర్రాడిగా పదిహేనేళ్లు తిరిగాడు. ఫైనాన్స్‌లో పావలా వాటా ఇస్తానని ఓనరు ఆశపెట్టాడు. మంగమ్మ నోటు రాసింది ఆ ఆశతోనే.

సంపాదకురాలు: నువ్వు తగలబెట్టించిన రోజున ఆ వాటా ఎక్కడుంది?

రచయిత: అప్పటికి ఓనరు మోసం చేశాడు. వాటా తమ్ముడికి రాసిచ్చాడు. ఆ కోపం కూడా పనిచేస్తుందని...

సంపాదకురాలు: అక్కడే కథ జారింది. దక్కనిదాన్ని వదులుకోవడం త్యాగం కాదు. ఓనరు మోసం చేశాక వాడు ఎదురు తిరిగితే అది పగ. పాఠకుడు దాన్ని పగగానే లెక్కగట్టి, నువ్వు మంచితనమని పేరు పెట్టావని విసుక్కుంటాడు. ఓనరు మాట నిలబెట్టుకోవాలి. వాటా వాడి పేరున రాయాలి. కొత్త బోర్డు మీద వాడి పేరు పడాలి. అప్పుడు వాడేం చేస్తాడో చూడాలి.

రచయిత: వాటా చేతికొచ్చినవాడు ఎందుకు మారతాడక్కా? కడుపు నిండిన మనిషికి మనసు కదలడానికి కారణమేముంటుంది? నాకు ఆ పిల్ల జ్వరం అందుకే కావలసి వచ్చింది.

సంపాదకురాలు: కారణం బయటి నుంచి తేవద్దు. మూడో వారంలో నువ్వే రాశావు. సోడా బండి ముసలాయన పొరపాటున ఒకే రోజు రెండుసార్లు కడితే, రాత్రి లెక్క చూసుకుని వంద ఎక్కువ రావడంతో వీడు మళ్లీ వీధి చివరిదాకా నడిచి ఆ వంద ఇచ్చి వస్తాడు. అది ఎందుకు రాశావు?

రచయిత: పాఠకులకు వాడు మరీ దుర్మార్గుడిగా కనిపించకూడదని. వాడికి లెక్కంటే పట్టుదల. నా పుస్తకంలో రూపాయి తేడా రాదంటాడు. అది జాలి కాదు, గర్వం.

సంపాదకురాలు: గర్వమే కావాలి మనకు. జాలి ఉన్నవాడు వంద రోజుల వసూళ్లు చేయలేడు. పదిహేనేళ్లలో వీడు ఎన్ని జ్వరాలు చూసి ఉంటాడు! ఇంకో జ్వరం వాడినేం చేస్తుంది? కానీ తన లెక్క తప్పని వాడు తన చేత్తోనే ఇరవై వేలను రెండు లక్షలుగా రాశాడు. వాడి గర్వానికే అది పుండు. ఆ పుండు వాడికి తెలియకుండా సలుపుతూ ఉండాలి. మార్పుకు కావలసిన సరుకు వాడిలో చెడ్డవాడిగా ఉన్నప్పుడే ఉండాలి. ఏ గుణంతో వాడు మంచి వసూళ్లదారుడయ్యాడో ఆ గుణమే చివరికి వాడికి అడ్డం తిరగాలి.

రచయిత: అయితే నోటు రాసిన రాత్రిని విస్తరించాలి. ఇప్పుడది రెండు పేరాలే.

సంపాదకురాలు: ఒక వారమంతా ఇవ్వు. పాపాన్ని కుదించి రాసినవాడు ప్రాయశ్చిత్తాన్ని ఎంత పొడిగించినా నిలవదు. స్టాంపు అంటించి ఉంది, కింద మంగమ్మ వంకర సంతకం ఉంది, పైన అంతా ఖాళీ. అంకెల్లో రాయాలి, అక్షరాల్లోనూ రాయాలి. అంకెలు రాసేటప్పుడు చెయ్యి ఆగదు. అక్షరాలా రెండు లక్షల రూపాయలు అని రాసేటప్పుడు పాళీ ఆగుతుంది, ఎందుకంటే వాడి వసూళ్ల పుస్తకంలో ఆమె పేరున ఇరవై వేలే ఉంది. ఆగి, మళ్లీ రాస్తాడు. వాడి మనసులో ఏముందో ఒక్క ముక్క కూడా చెప్పకు.

రచయిత: ఇక్కడ నా దగ్గర ఒక చిక్కుంది. మంగమ్మ ఆ సంతకం తనది కాదని కోర్టులో అనొచ్చు కదా?

సంపాదకురాలు: అనలేదు, సంతకం ఆమెదే. స్టాంపు అంటించి సంతకం చేసిచ్చిన ఖాళీ కాగితాన్ని నింపుకునే అధికారం పుచ్చుకున్నవాడికి ఉంటుందని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 20వ సెక్షన్ చెబుతుంది. నోటు ఉందంటే దానికి తగ్గ సొమ్ము ముట్టిందనే కోర్టు మొదట అనుకుంటుంది. ముట్టింది ఇరవై వేలేనని ఆమె రుజువు చేసుకోవాలి. ఆ సంగతి తెలిసిన మనిషి, రాసిన మనిషి, పుస్తకం ఉన్న మనిషి సూరిబాబు ఒక్కడే. చూశావా, చట్టమే నీ కథను వాడి గుమ్మం దగ్గరికి తెచ్చి నిలబెట్టింది. నోట్లు తగలబెట్టే అవసరమే లేదు. వాడు నోరు విప్పితే చాలు. నోరు విప్పడమే అన్నిటికన్నా కష్టం.

రచయిత: అంటే చివర్లో కోర్టులో నిజం చెబుతాడు. అదీ హఠాత్తుగానే ఉండదా?

సంపాదకురాలు: ఒక్కసారే అడిగితే హఠాత్తు. రెండుసార్లు అడిగించు. పందొమ్మిదో వారంలో మంగమ్మ వాడింటికొస్తుంది. తిట్టదు, ఏడవదు. నేను ఎంత తీసుకున్నానో నీ పుస్తకంలో ఉంది, ఆ మాట ప్లీడరుకు చెప్పు, చాలు అంటుంది. వాడు చెప్పడు. అంతకన్నా ముందుకు పోతాడు. నోటు రాసినవాడు కాబట్టి ఓనరు తరఫు సాక్షిగా అఫిడవిట్ మీద సంతకం పెడతాడు. రెండు లక్షలు నా ఎదుటే లెక్కపెట్టి ఇచ్చారు అని ప్రమాణం చేసి రాస్తాడు. క్రాస్ ఎగ్జామినేషన్ ఇరవై ఏడో వారంలో వస్తుంది. అదే ప్రశ్న, ఈసారి బోనులో, మంగమ్మ ప్లీడరు నోటి నుంచి. మొదటిసారి నిజం చెబితే ఆశ పెట్టుకున్న వాటా పోయేది. రెండోసారి చెబితే చేతిలో ఉన్న వాటా పోతుంది, దొంగ అఫిడవిట్ ఇచ్చానని ఒప్పుకున్నందుకు తన మీదే కేసు రావచ్చు. మధ్యలో వాడు చేసిన పిరికి పనే ధరను పెంచింది.

రచయిత: పాఠకులు పందొమ్మిదో వారంలో వాణ్ణి అసహ్యించుకుంటారు.

సంపాదకురాలు: అసహ్యించుకోవాలి. అందరూ ఇక్కడ మారతాడనుకునే చోట వాడు మారకపోతేనే, తర్వాత మారినప్పుడు అది రచయిత దయ కాదని తెలుస్తుంది. నిగమశర్మ ముక్కర ఎత్తుకుపోయిన రాత్రిలాంటిది నీ కథలోనూ ఒకటి ఉండి తీరాలి.

రచయిత: ఆ రెండింటి మధ్య ఏం జరిగింది? ఒకసారి కాదన్నవాడు మరోసారి ఎందుకు ఔనంటాడు? అది లేకపోతే రెండోదీ నా దయే.

సంపాదకురాలు: ఆ ప్రశ్న నువ్వే అడిగావు కాబట్టి నువ్వే చెప్పు. వాటా వచ్చాక వాడి రోజు ఎలా మారుతుంది?

రచయిత: బజారులో తిరగడు. గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. వసూళ్లకు వేరే కుర్రాడు వస్తాడు. సూరిబాబే వాడికి పని నేర్పాలి. పుస్తకం ఎలా రాయాలి, కార్డు మీద ఎలా టిక్కు పెట్టాలి... ఒకరోజు ఓనరు ఒక ఖాళీ నోటు పంపుతాడు. ఈసారి సూరిబాబు రాయక్కర్లేదు. కుర్రాడికి ఇచ్చి రాయమని చెప్పాలి. ఆ కుర్రాడు అడుగుతాడు, పుస్తకంలో ఇంత లేదు కదన్నా అని.

సంపాదకురాలు: అంతే! నీ జ్వరం కన్నా ఇది వందరెట్లు నయం. ఆ కుర్రాడి నోట వచ్చింది సూరిబాబు సొంత మాట. వాడికి ఎవరూ నీతి చెప్పలేదు, ఎవరూ ఏడవలేదు. కోరుకున్నది దక్కింది, దక్కాక దాని పనేమిటో తెలిసింది. అప్పుడు వాడేం చెబుతాడు?

రచయిత: రాయమంటాడు.

సంపాదకురాలు: రాయమనాలి. అక్కడ కూడా మారకూడదు. ఆ మాట తన నోట విన్నాక వారం తిరక్కుండా బోను ఎక్కాలి.

రచయిత: ఇప్పుడు నా అసలు అభ్యంతరం వినండి. మీరు చెప్పినట్టు కడితే మూడో వారంలో వంద రూపాయలు, తొమ్మిదో వారంలో పాళీ ఆగడం, పద్నాలుగులో ఇంకోటి, ఇరవై నాలుగులో కుర్రాడు. ప్రతి మెట్టూ కనిపిస్తుంది. బోను ఎక్కేసరికి పాఠకుడికి జవాబు ముందే తెలిసిపోతుంది. మనిషి లెక్కల పుస్తకం కాదక్కా. దోస్తయెవ్‌స్కీ 1866లో రాసిన నేరము-శిక్షలో రస్కోల్నికోవ్ నేరం ఒప్పుకున్నాక కూడా పశ్చాత్తాపపడడు. సైబీరియాలో జైల్లో ఉండి కూడా తను చేసింది నేరమనుకోడు, ఓడిపోయానని మాత్రమే కుమిలిపోతాడు. ఒకరోజు ఏటి ఒడ్డున సోన్యా కాళ్ల దగ్గర కూలబడి ఏడుస్తాడు. ఎందుకో అతనికే తెలియదు. కారణాలన్నీ పేర్చిపెడితే ఆ రహస్యం చచ్చిపోతుంది.

సంపాదకురాలు: ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆ ఎపిలోగ్ తొందరపాటని విమర్శించినవాళ్లూ ఉన్నారు, అదే నవలకు ప్రాణమన్నవాళ్లూ ఉన్నారు. కానీ అందులో వరస గమనించు. పని ముందు, భావం తర్వాత. ఒప్పుకోవడం, శిక్ష పడడం ఎప్పుడో అయిపోయాయి. మనసు కరగడం చివర్లో వచ్చింది. మన సీరియళ్లలో మనసు ముందు కరుగుతుంది, ఆ వేడిలో పని జరిగిపోతుంది. నువ్వు సూరిబాబు చేత పని చేయించు. మనసు సంగతి వాడికే వదిలెయ్. బోనులో వాడు మంచివాడైపోయానని అనుకోకూడదు. ప్లీడరు పుస్తకం చూపించి ఇందులో ఎంతుంది అని అడిగితే, తన పుస్తకం తప్పని చెప్పలేకపోయాడు. అంతే. అది గర్వమా, పశ్చాత్తాపమా అన్నది పాఠకులు తేల్చుకుంటారు.

రచయిత: అయితే మెట్లు తగ్గించాలి.

సంపాదకురాలు: తగ్గించు. పద్నాలుగో వారం తీసెయ్. పాళీ ఆగిన చోట, కుర్రాడు అడిగిన చోట వ్యాఖ్యానం ఒక్క వాక్యం కూడా వద్దు. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక పని చెయ్. ఇరవై ఆరు వారాలు మాత్రమే ఇద్దరు ముగ్గురికి ఇచ్చి, బోనులో వీడేం చెబుతాడని అడుగు. అందరూ నిజం చెబుతాడంటే మెట్లు ఎక్కువయ్యాయి. ఎవరూ అనకపోతే తక్కువయ్యాయి. వాళ్లలో వాళ్లు వాదించుకుంటే అప్పుడు నీ కథ దారిలో ఉంది. ఆ తర్వాత కన్నీళ్లున్న పేరాలన్నీ కొట్టేసి ఇరవై ఏడో వారం మళ్లీ చదువు. కన్నీళ్లు లేకుండా నమ్మగలిగితే అవి అక్కర్లేదు. నమ్మలేకపోతే అవి ఉన్నా లాభం లేదు.

రచయిత: ఇక చివరి మూడు వారాలు. ఓనరు మనుషులు వాణ్ణి పొడుస్తారు, మంగమ్మ ఒడిలో...

సంపాదకురాలు: వద్దు తమ్ముడూ. చావు వాడి బాకీని ఒక్కసారిగా కొట్టేస్తుంది. 'వేదం'లో రాజు చావుకు ఆ కథలో వేరే పని ఉంది, ఐదుగురి కథలు కలిసే చోట అది జరుగుతుంది. నీ కథ ఒక్కడిది. వాడు మర్నాడు తెనాలి బజారులో నడవాలి. వాటా లేదు, ఉద్యోగం లేదు. పదిహేనేళ్లు వాడికి డబ్బు కట్టినవాళ్లు అటూ ఇటూ ఉంటారు. నిజం చెప్పినందుకు ఒకడు మెచ్చుకుంటాడు, నా నోటు కూడా నువ్వే రాశావు కదరా అని ఇంకొకడు కాలరు పట్టుకుంటాడు. ఇద్దరి మాటా నిజమే. మారినవాడు ఆ ఇద్దరినీ దాటుకుంటూ రోజూ బతకడం మూడు వారాలు చూపించు.

రచయిత: మంగమ్మ అయినా క్షమించాలి కదా. ముప్పై వారాలు కాచుకున్న పాఠకులకు ఆ మాత్రం ఊరట ఇవ్వకపోతే అన్యాయం. ఆమె పిలిచి ఒక ప్లేటు ఇడ్లీ పెడితే చాలు.

సంపాదకురాలు: ఆ ప్లేటు సూరిబాబుకు బహుమానమైతే మంగమ్మ మనిషి కాకుండా పోతుంది, వాడి మార్కుల కాగితం మీద సంతకం పెట్టే మాస్టారవుతుంది. ఇన్నాళ్లు ఆమె అనుభవించినదానికి వాడు ఒక్క పూట నిజం చెప్పడం సరితూగదు. వాడు మారడం వాడి పని. క్షమించడం, మానడం ఆమె ఇష్టం. ఆ రెంటినీ ముడిపెడితే ఇరవై ఏడో వారంలో వాడు చేసినది మళ్లీ బేరమైపోతుంది.

రచయిత: నేను అలా అనుకోను. క్షమించే హక్కు ఆమెదే అయినప్పుడు, క్షమించాలని ఆమెకే అనిపించడం కూడా ఆమె హక్కే. మీరు చెప్పినట్టు ఆమెకు సొంత మనసు ఇస్తాను. ఆమె సంతకం చేసిన రోజు నుంచి ఆమె కథను విడిగా నడుపుతాను. ఆ మనసే చివరికి ఇడ్లీ పెడితే మీరు కాదనకూడదు.

సంపాదకురాలు: ఆమె కారణం ఆమెదై ఉంటే కాదనను. దానికి కూడా సూరిబాబుకు పెట్టిన షరతే పెడతాను. క్షమించడానికి ఆమె ఏం వదులుకుంటోందో నాకు కనిపించాలి. ఇల్లు తిరిగొచ్చిన సంతోషంలో పెట్టే ప్లేటయితే కొట్టేస్తాను. ఇంటి తీర్పు ఇంకా రాకముందే, గెలుస్తానో లేదో తెలియని రోజున పెడితే అచ్చు వేస్తాను.

రచయిత: తీర్పు ముప్పయ్యో వారంలో కూడా రాదు. పై వాయిదాకు వేస్తారు.

సంపాదకురాలు: అయితే ముందు తొమ్మిదో వారం రాసి పంపు. చివరి మూడు వారాల సంగతి, ఆ నోటు ఎలా రాశాడో చదివాక మాట్లాడుకుందాం.